చెరువు మీద కరెంటు పోయిన అలర్ట్ ఐఫోన్‌కి ఆలస్యంగా ఎందుకొస్తుంది?

ప్రశ్న: మాది కాళ్ల మండలం. రెండు వనామీ రొయ్యల చెరువులున్నాయి. స్టార్టర్ల గదిలో సిమ్ వేసిన బాక్స్ పెట్టించాం. కరెంటు పోయినా, నీళ్లలో ఆక్సిజన్, అదే డీఓ, పడిపోయినా ఫోన్‌కి అలర్ట్ రావాలి. మొన్న రాత్రి 2:10కి కరెంటు పోయింది. తమ్ముడి ఆండ్రాయిడ్‌కి వెంటనే వచ్చింది, వాడు వెళ్లి జనరేటర్ వేశాడు. నాకు మెలకువ వచ్చి 2:52కి యాప్ తెరిస్తే అప్పుడు టింగుమంది. ఛార్జింగ్ నిలవాలని రాత్రిపూట లో పవర్ మోడ్‌లో పెట్టి పడుకుంటాను. బ్యాక్‌గ్రౌండ్ యాప్ రిఫ్రెష్ ఆన్ చేస్తే సరిపోతుందా?

జవాబు:

సరిపోదండి. ఆన్ చేసి ఉంచండి, తప్పు లేదు, కానీ దాన్ని నమ్ముకుని మాత్రం పడుకోవద్దు. మీరు రాసినదాంట్లో అసలు విషయం చివర్లో ఉంది, "యాప్ తెరిస్తే అప్పుడు టింగుమంది" అన్నారు చూడండి, అదే. ఆ ఒక్క ముక్కతో సగం తెలిసిపోతోంది, మిగతా సగం ఒక మధ్యాహ్నం టెస్ట్ చేస్తే తేలుతుంది.

ముందు బాక్స్ సంగతి తేల్చేద్దాం. ఇలాంటి ఫిర్యాదుల్లో చాలావరకు తప్పు ఫోన్‌ది కాదు, బాక్స్‌దే. వైఫై రౌటర్‌కి కలిపిన బాక్స్ అయితే కరెంటు పోగానే రౌటర్ కూడా పోతుంది, ఇక కబురు బయటికి వెళ్లే దారే ఉండదు, మళ్లీ కరెంటు వచ్చాక "కరెంటు పోయింది" అని అలర్ట్ వస్తుంది. మీది సిమ్ బాక్స్, లోపల బ్యాటరీ కూడా ఉండే ఉంటుంది, పైగా మీ తమ్ముడి ఫోన్‌కి వెంటనే చేరింది. అంటే బాక్స్ నుంచి కంపెనీ సర్వర్ దాకా దారి బాగానే ఉంది. ఆలస్యం జరిగింది సర్వర్‌కీ మీ ఐఫోన్‌కీ మధ్యలో.

ఐఫోన్‌కి అలర్ట్ చేరే దారులు రెండు. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి, అదే బ్యానర్, అదే సౌండ్. కాలవకి నీళ్లు వదిలినప్పుడు లస్కరు ఇంటికొచ్చి తలుపు కొట్టి చెప్పడం ఒక పద్ధతి, మనమే ఎప్పుడో తీరిక చూసుకుని తూము దాకా వెళ్లి చూసి రావడం ఇంకో పద్ధతి. రెండు రకాలుగానూ నీళ్లొచ్చిన సంగతి తెలుస్తుంది, కానీ ఎప్పుడు తెలుస్తుందన్న దగ్గరే తేడా అంతా.

మొదటిది అసలైన పుష్. కంపెనీ సర్వర్ ఆ కబురుని ఆపిల్ వాళ్ల పుష్ సర్వర్‌కి ఇస్తుంది, దాన్ని ఏపీఎన్‌ఎస్ అంటారు. ప్రతి ఐఫోనూ ఆ సర్వర్‌తో ఎప్పుడూ ఒక లైను తెరిచి ఉంచుకుంటుంది, అన్ని యాప్‌లకీ కలిపి ఆ ఒక్క లైనే. కబురు దాని మీద వచ్చి పడగానే ఐఓఎస్ తనే స్క్రీన్ మీద చూపించి సౌండ్ చేస్తుంది. ఇందులో మీ చెరువు యాప్ నిద్ర లేవాల్సిన పనే లేదు. అందుకే బ్యాక్‌గ్రౌండ్ యాప్ రిఫ్రెష్ మొత్తం ఆఫ్ చేసినా, లో పవర్ మోడ్ పెట్టినా, యాప్‌ని పైకి తోసి మూసేసినా ఈ రకం అలర్ట్ వచ్చి తీరుతుంది. వాట్సాప్ మెసేజ్‌లూ బ్యాంకు యాప్ అలర్ట్‌లూ లో పవర్ మోడ్‌లో కూడా మీకు టైముకి వస్తూనే ఉంటాయి కదా, కారణం ఇదే.

రెండోది, యాప్ తనే లేచి సర్వర్‌ని అడిగి, సంగతి తెలుసుకుని, అప్పుడు ఫోన్‌లోనే ఒక నోటిఫికేషన్ తయారుచేసుకోవడం. చిన్న కంపెనీల యాప్‌లు, ముఖ్యంగా ముందు ఆండ్రాయిడ్‌కి రాసి తర్వాత ఐఫోన్‌కి మార్చినవి, ఎక్కువగా ఇలాగే ఉంటాయి. ఆండ్రాయిడ్‌లో యాప్ ఒక సర్వీసుని రాత్రంతా నడుపుకుంటూ నిమిషానికోసారి సర్వర్‌ని అడగొచ్చు, నోటిఫికేషన్ బార్‌లో దాని గుర్తు ఎప్పుడూ కనపడుతూ ఉంటుంది, మీ తమ్ముడి ఫోన్‌లో ఉందేమో చూడండి. ఐఫోన్‌లో మామూలు యాప్‌కి ఆ స్వేచ్ఛ లేదు. మీరు యాప్ నుంచి బయటికి రాగానే కొద్ది సెకన్లలో ఐఓఎస్ దాన్ని నిద్రపుచ్చేస్తుంది. మళ్లీ ఎప్పుడు లేపాలన్నది ఐఓఎస్ ఇష్టం. ఆ లేపడానికే బ్యాక్‌గ్రౌండ్ యాప్ రిఫ్రెష్ అని పేరు. 2013లో ఐఓఎస్ 7తో వచ్చింది, 2019లో ఐఓఎస్ 13లో లోపలి పద్ధతి మార్చారు, కానీ మూల సూత్రం మారలేదు. యాప్ "ఫలానా టైము తర్వాత నన్ను లేపు" అని అర్జీ పెట్టుకోవచ్చు, అంతే. ఆ టైముకే లేపుతానని ఐఓఎస్ మాటివ్వదు. లేపినా దాదాపు 30 సెకన్లే ఇస్తుంది.

మరి ఐఓఎస్ ఎప్పుడు లేపుతుంది అంటారా, మీ అలవాటుని బట్టి. మీరు రోజూ పొద్దున 5:30కి ఒకసారి, సాయంత్రం మేత వేసేటప్పుడు ఒకసారి యాప్ చూస్తారనుకోండి. కొన్నాళ్లకి ఐఓఎస్‌కి అది అలవాటవుతుంది. మీరు తెరిచేసరికి కొత్త లెక్కలు సిద్ధంగా ఉండేలా దానికి కాస్త ముందు యాప్‌ని లేపే ప్రయత్నం చేస్తుంది. రాత్రి 2 గంటలకి మీరు ఎప్పుడూ ఆ యాప్ తెరవరు, కాబట్టి ఆ టైములో దాన్ని లేపాల్సిన అవసరం ఐఓఎస్‌కి కనపడదు. మనకేమో డీఓ పడేది సరిగ్గా ఆ వేళలోనే. రాత్రంతా నీళ్లలోని నాచు, రొయ్యలు, అడుగు బురద అన్నీ కలిసి ఆక్సిజన్ వాడేస్తూ ఉంటాయి, తయారయ్యేది ఏమీ ఉండదు, తెల్లవారుజాముకి చెరువులో అన్నిటికంటే తక్కువ ఉంటుంది. అంటే ఈ ఏర్పాటు మీకు అవసరమైన గంటల్లోనే అన్నిటికంటే బద్ధకంగా ఉంటుందన్నమాట. ఇది లోపం కాదు, దాన్ని చేసిందే వార్తల యాప్ తెరిస్తే కొత్త వార్తలు కనపడాలి అన్నలాంటి పనులకి. కరెంటు పోయిన కబురు దాని మీద ఆధారపడేలా యాప్ రాయడమే తప్పు.

ఇప్పుడు దీని మీద లో పవర్ మోడ్ వచ్చి కూర్చుంది. 2015లో ఐఓఎస్ 9తో వచ్చిన ఈ మోడ్ చేసే పనుల్లో మనకి సంబంధించింది ఒకటే: బ్యాక్‌గ్రౌండ్ యాప్ రిఫ్రెష్‌ని ఆపేస్తుంది. అలాగే మెయిల్ తనంతట తాను తెచ్చుకోవడాన్నీ ఆపేస్తుంది, మీ బాక్స్ కంపెనీ మెయిల్‌లో కూడా అలర్ట్ పంపుతుంటే దాన్నీ లెక్కలోంచి తీసేయండి. బ్యాటరీ గుర్తు పసుపు రంగులో ఉన్నంతసేపూ `Settings > General > Background App Refresh` లోకి వెళ్లి చూడండి, ఆ స్విచ్ బూడిద రంగులోకి మారి నొక్కినా కదలదు. కాబట్టి మీరు అడిగినట్టు రిఫ్రెష్ ఆన్ చేసి, రాత్రి మళ్లీ లో పవర్ మోడ్ పెట్టుకుంటే, ఆన్ చేసినా చెయ్యనట్టే.

ఈ రెండు దారులకీ మధ్యలో ఇంకో రకం కూడా ఉంది, తికమక పెట్టేది ఇదే. సర్వర్ పుష్ పంపుతుంది, కానీ అందులో చూపించడానికి అక్షరం ముక్క ఉండదు, "యాప్‌ని లేపు, కొత్త సంగతి ఉంది" అన్న సైగ మాత్రమే. దీన్ని సైలెంట్ పుష్ అంటారు. యాప్ లేచి, సర్వర్‌ని అడిగి, అప్పుడు బ్యానర్ చూపిస్తుంది. ఫోన్ ఛార్జింగ్‌లో ఉన్నప్పుడు, యాప్ ఈమధ్యే వాడినప్పుడు ఇది టకటకా వచ్చేస్తుంది, అందుకే డెమోలో అందరికీ బాగా పనిచేసినట్టు అనిపిస్తుంది. కానీ ఆపిల్ దీన్ని తక్కువ ప్రాధాన్యం పుష్‌గానే చూస్తుంది. గంటకి రెండు మూడుకి మించి పంపవద్దని డెవలపర్లకి వాళ్లే రాసి పెట్టారు, ఎక్కువైతే ఆపేస్తారు, వాయిదా వేస్తారు. రిఫ్రెష్ ఆఫ్‌లో ఉంటే ఇది యాప్‌ని లేపలేదు. లో పవర్ మోడ్‌లో దీని మీద ఆశ పెట్టుకోకూడదు. ఇంకా ముఖ్యమైనది, మీరు యాప్‌ని పైకి తోసి మూసేస్తే, మళ్లీ మీ చేత్తో తెరిచేదాకా సైలెంట్ పుష్ దాన్ని లేపదు. పడుకునే ముందు నడుస్తున్న యాప్‌లన్నీ వరసగా పైకి తోసేసి "ఛార్జింగ్ ఆదా" అనుకునే అలవాటు చాలామందికి ఉంది. నిద్రలో ఉన్న యాప్ ఎలాగూ పెద్దగా బ్యాటరీ తినదు, తోసేయడం వల్ల మిగిలేది నామమాత్రం, పోయేది మాత్రం ఈ అలర్ట్.

సరే, మీ యాప్ వీటిలో ఏ రకం? పరికరం అమ్మినాయన్ని అడిగితే "అన్నీ వస్తాయండి, మీ ఫోన్‌లోనే ఏదో సెట్టింగ్" అంటాడు. ఆయన్ని అడగడం కంటే చేసి చూడటం మేలు. మంచి ఎండగా ఉన్న మధ్యాహ్నం పెట్టుకోండి, అప్పుడు చెరువులో డీఓ బాగా ఉంటుంది, కొద్దిసేపు ఏమైనా తేడా జరిగినా భయం లేదు. నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆపక్కర్లేదు కూడా, బాక్స్‌కి కరెంటు వెళ్లే ఎంసీబీ విడిగా ఉంటే అదొక్కటే దించండి. మూడు ఫేజుల్ని చూసే బాక్స్ అయితే దానికొచ్చే లైన్లు మాత్రమే ఆగేలా ఎలక్ట్రీషియన్ చేత చేయించండి, సొంతంగా ఆ ప్యానెల్‌లో చెయ్యి పెట్టవద్దు.

ముందుగా, రోజూ రాత్రి ఎలా పడుకుంటారో అచ్చం అలాగే ఫోన్ సిద్ధం చేయండి. లో పవర్ మోడ్ ఆన్, ఛార్జర్ లేదు, యాప్‌లన్నీ రోజూ తోసేసే అలవాటుంటే తోసేయండి, డు నాట్ డిస్టర్బ్ పెట్టుకుంటే అదీ పెట్టండి. లాక్ చేసి బోర్లా పెట్టి పక్కకి జరగండి. తమ్ముడిని ఎంసీబీ దించమనండి, టైము రాసుకోమనండి. పావుగంట ఆ ఫోన్ ముట్టుకోవద్దు. తర్వాత ఇక్కడ కాస్త జాగ్రత్త, ఒకేసారి యాప్‌లోకి దూరిపోవద్దు. ముందు స్క్రీన్ మాత్రం వెలిగించి లాక్ స్క్రీన్ చూడండి, దాని మధ్యలోంచి పైకి తోసి నోటిఫికేషన్ల చిట్టా కూడా చూడండి.

లాక్ స్క్రీన్ మీదో ఆ చిట్టాలోనో అలర్ట్ ముందే వచ్చి ఉండి, దాని పక్కన పావుగంట క్రితం వచ్చినట్టు ఉందనుకోండి, అప్పుడు అది అసలైన పుష్, టైముకే వచ్చింది, మీకే వినపడలేదు. లో పవర్ మోడ్‌కీ దీనికీ సంబంధం లేదు, గొడవ సౌండ్‌తోనో, డు నాట్ డిస్టర్బ్ లాంటి ఫోకస్‌తోనో. లాక్ స్క్రీన్, చిట్టా రెండూ ఖాళీగా ఉండి, యాప్ తెరిచిన రెండు మూడు సెకన్లకి బ్యానర్ పడితే, యాప్ తనే వెళ్లి చూసుకునే రకం. మీరు చెప్పిన 2:52 సంగతి అచ్చం ఇలాగే ఉంది. 42 నిమిషాల ఆలస్యం అని మీరు అనుకుంటున్నారు కానీ, మీరు లేవకపోతే అది పొద్దున 5:30 దాకా కూడా వచ్చేది కాదు. ఆ 42 మీకు మెలకువ వచ్చిన టైము తప్ప ఫోన్ తీసుకున్న టైము కాదు.

ఇక్కడితో ఆపకుండా ఎంసీబీ మళ్లీ ఎక్కించి, లో పవర్ మోడ్ తీసేసి, యాప్‌ని ఒకసారి తెరిచి, తోసేయకుండా మామూలుగా బయటికొచ్చి లాక్ చేసి ఇంకోసారి చేయండి. ఈసారి కొన్ని సెకన్లలోనే లాక్ స్క్రీన్ మీదికి వస్తే సైలెంట్ పుష్ అయ్యుండొచ్చు. ఈసారి కూడా మీరు తెరిచేదాకా రాకపోతే బహుశా పుష్ అన్నదే లేదు, వట్టి రిఫ్రెష్ మీద నడుస్తోంది. ఇంకో చిన్న ఆనవాలు: `Settings > General > Background App Refresh` జాబితాలో మీ యాప్ పేరే లేకపోతే అది బ్యాక్‌గ్రౌండ్‌లో లేచే రకం కాదు, అలర్ట్ వస్తోందంటే పుష్ ద్వారానే వస్తోందని అనుకోవచ్చు. పేరు ఉంటే మాత్రం దాన్నిబట్టి ఏమీ తేల్చలేం, అసలైన పుష్ పంపే యాప్‌లు కూడా తెరవగానే తాజాగా కనపడటానికి ఆ జాబితాలో ఉంటాయి.

మీ కేసు రెండో రకమో మధ్య రకమో అని తేలితే, మీ ఫోన్ సెట్టింగ్‌లు ఎన్ని మార్చినా పూర్తి భరోసా రాదు. మార్చాల్సింది కంపెనీ వాళ్లు. వాళ్లకి "అలర్ట్ రావట్లేదు" అని చెప్తే పని జరగదు, యాప్ తీసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయమంటారు, చేశాక అది కాసేపు బాగానే పనిచేస్తుంది కూడా. ఇలా అడగండి: "కరెంటు పోయిన అలర్ట్‌ని మీ సర్వర్ నుంచే కనపడే పుష్‌గా పంపుతున్నారా, లేక యాప్ లేచి చూపిస్తోందా?" వాళ్ల డెవలపర్‌కి ఈ కిందిది పంపితే ఇంకా మంచిది, ఐఫోన్ పని తెలిసిన ఎవరికైనా చూడగానే అర్థమవుతుంది.

```
apns-push-type: alert
apns-priority: 10

{
  "aps": {
    "alert": {
      "title": "చెరువు 2: కరెంటు పోయింది",
      "body": "2:10కి ఏరియేటర్లు ఆగాయి"
    },
    "sound": "default",
    "interruption-level": "time-sensitive"
  }
}
```

పై రెండు లైన్లు ఆపిల్ సర్వర్‌కి "ఇది చూపించాల్సిన కబురు, వెంటనే పంపు" అని చెప్పేవి. దీని బదులు వాళ్ల దగ్గర `"content-available": 1` ఒక్కటే ఉండి `alert` లేకపోతే అదే సైలెంట్ పుష్, దొంగ దొరికినట్టే. ఈ మార్పు సర్వర్ వైపు చిన్న పని, కొన్నిసార్లు మీ యాప్ అప్‌డేట్ కూడా అక్కర్లేదు. కాకపోతే ఆఖరి లైనుకి మాత్రం డెవలపర్ యాప్‌లో కూడా అనుమతి పెట్టాలి.

ఆ ఆఖరి లైను ఎందుకంటే, 2021లో ఐఓఎస్ 15తో నోటిఫికేషన్లకి అంతస్తులు పెట్టారు. `time-sensitive` అని వచ్చినది, మీరు అనుమతిస్తే, ఫోకస్‌ని దాటుకుని వస్తుంది. మామూలుది దాటదు, నోటిఫికేషన్ల చిట్టాలో చప్పుడు లేకుండా పడుకుంటుంది. మీ ఫోన్‌లో `Settings > Notifications` లో ఆ యాప్ తెరిచి చూడండి, `Time Sensitive Notifications` అని స్విచ్ కనపడితే డెవలపర్ ఆ ఏర్పాటు చేశాడన్నమాట, ఆన్ చేసుకోండి. కనపడకపోతే ఫోకస్ సెట్టింగ్‌లో మీరే ఆ యాప్‌ని అనుమతించిన యాప్‌ల్లో చేర్చుకోవాలి. అక్కడే `Scheduled Summary` ఆన్‌లో ఉండి అందులో ఈ యాప్ ఉంటే తీసేయండి, లేకపోతే అలర్ట్ టైముకే వచ్చినా ఐఓఎస్ దాన్ని పొద్దున కట్టకట్టి ఇస్తుంది. ఒక మాట, టైమ్ సెన్సిటివ్ కూడా సైలెంట్ మోడ్‌ని దాటదు. దాన్ని కూడా దాటి మోగేవి క్రిటికల్ అలర్ట్‌లు, వాటికి డెవలపర్ ఆపిల్ దగ్గర విడిగా అనుమతి తెచ్చుకోవాలి, అందరికీ ఇవ్వరు. కాబట్టి రాత్రిపూట ఫోన్ సైలెంట్‌లో పెట్టకండి, వాల్యూమ్ తగ్గించుకోకండి.

ఇదంతా ఫోన్‌కి నెట్ ఉన్నప్పటి మాట. పడుకునే ముందు మొబైల్ డేటా ఆపేసి ఇంటి వైఫై మీద వదిలేసేవాళ్లుంటారు, మన ఊళ్లలో చెరువుకీ ఇంటికీ ఒకే ఫీడర్ అయితే రెండింటికీ ఒకేసారి కరెంటు పోతుంది, వైఫై ఆరిపోతుంది, ఫోన్‌కి ఇంకో దారి ఉండదు. మొబైల్ డేటా ఆన్‌లోనే ఉంచండి. ఫోన్‌కి నెట్ లేనప్పుడు వచ్చిన పుష్‌ని ఆపిల్ సర్వర్ దాచి తర్వాత ఇవ్వగలదు కానీ, ఒక యాప్‌కి సంబంధించి సాధారణంగా ఆఖరి కబురు ఒక్కటే దాస్తుంది. అందుకని "కరెంటు పోయింది", "కరెంటు వచ్చింది" రెండూ పంపితే మీకు కనపడేది రెండోది మాత్రమే కావచ్చు, మధ్యలో జరిగింది తెలియదు. వచ్చిన అలర్ట్‌ని బట్టి కాకుండా యాప్ లోపలి చిట్టాలో టైములు చూసి నిర్ణయించుకోండి.

మీరు అడగలేదు గానీ ఇంకొకటి చెప్పాలి, అలర్ట్ కంటే దీంతోనే ఎక్కువ ప్రమాదం. హోమ్ స్క్రీన్ మీద డీఓ విడ్జెట్ పెట్టుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. రాత్రి 3 గంటలకి లేచి ఫోన్ చూస్తే 5.4 అని కనపడుతుంది, హమ్మయ్య అని మళ్లీ పడుకుంటారు. ఆ 5.4 రాత్రి 11 గంటలదేమో! విడ్జెట్ కూడా తనంతట తాను ఎప్పుడు పడితే అప్పుడు మారదు. తరచుగా చూసే విడ్జెట్‌కి కూడా ఐఓఎస్ రోజుకి దాదాపు 40 నుంచి 70 సార్లు మాత్రమే కొత్తగా మారే అవకాశం ఇస్తుంది, అంటే ఎంత బాగా నడిచినా పావుగంట నుంచి గంటకోసారి. లో పవర్ మోడ్‌లో అంత కూడా ఆశించలేం. యాప్ లోపలికి వెళ్లినా అంతే, తెరిచిన వెంటనే కనపడే అంకె పాతదే ఉంటుంది, ఒకటి రెండు సెకన్లకి మారుతుంది, సిగ్నల్ సరిగా లేకపోతే ఆ పాతదే నిలబడిపోతుంది. కాబట్టి అంకె చూడటానికి ముందు దాని కింద చిన్న అక్షరాల్లో ఉన్న టైము చూడండి. అసలు టైమే చూపించని విడ్జెట్ అయితే తీసేయండి, అది ఉండటం కంటే లేకపోవడమే నయం. మేత ఆపాలా, ఏరియేటర్లు పెంచాలా అన్నది ఆ అంకె మీద ఆధారపడి ఉంటుంది కదా.

లో పవర్ మోడ్ మానేయమని మాత్రం నేను చెప్పను. యాప్ అసలైన పుష్ పంపుతోందని టెస్ట్‌లో తేలితే నిశ్చింతగా పెట్టుకోండి, కరెంటు లేని రాత్రి బ్యాటరీ చచ్చిపోయిన ఫోన్ కంటే పసుపు గుర్తుతో బతికున్న ఫోన్ మేలు. తేలేదాకా మాత్రం ఛార్జర్ పెట్టి, లో పవర్ మోడ్ తీసి పడుకోండి. ఛార్జింగ్ 20 శాతానికి పడినప్పుడు ఫోన్ అడిగితే మీరే ఆన్ చేసుంటారు, తర్వాత ఛార్జర్ పెడితే 80 శాతానికి చేరాక అదే ఆఫ్ అవుతుంది. కానీ రాత్రి 60 శాతం దగ్గర ఛార్జర్ లేకుండా మీ చేత్తో ఆన్ చేస్తే పొద్దున దాకా అలాగే ఉంటుంది. దాని చోటు `Settings > Battery`, కొత్త వెర్షన్లలో అందులోనే `Power Mode` లోపల ఉంటుంది.

కంపెనీ వాళ్లు మార్చేదాకా ఏం చేయాలి అంటే, నా సలహా ఫోన్ కాల్. కాల్‌కి రిఫ్రెష్‌తో గానీ లో పవర్ మోడ్‌తో గానీ నెట్‌తో గానీ పనిలేదు, టవర్ ఉంటే చాలు. మీ బాక్స్‌లో ఎలాగూ సిమ్ ఉంది, చాలా బాక్సుల్లో, మొబైల్ స్టార్టర్లలో కరెంటు పోతే నంబరుకి కాల్ చేసే సదుపాయం ఉంటుంది, అమ్మేవాళ్లు డేటా ఒక్కటే పెట్టి వదిలేస్తారు. సెట్టింగ్‌లో మీ నంబరు మొదట, తమ్ముడి నంబరు రెండోది ఇప్పించండి. ఆ సిమ్‌కి కాల్స్ వెళ్లే ప్లాన్ ఉందో లేదో చూడండి, డేటా మాత్రమే ఉండే సిమ్ అయితే కాల్ వెళ్లదు. తర్వాత ఆ బాక్స్ సిమ్ నంబరుని మీ ఐఫోన్‌లో "చెరువు" అని సేవ్ చేసి, కాంటాక్ట్‌లో `Edit` నొక్కి, `Ringtone` లోకి వెళ్లి, పైన ఉన్న `Emergency Bypass` ఆన్ చేయండి. అప్పుడు ఫోన్ సైలెంట్‌లో ఉన్నా, డు నాట్ డిస్టర్బ్‌లో ఉన్నా ఆ ఒక్క నంబరు మోగుతుంది. ఇదే పని తమ్ముడి నంబరుకీ చేయండి, మొన్నటిలా అలర్ట్ వాడికి ముందొస్తే జనరేటర్ దగ్గరికి పరిగెడుతూ మీకో కాల్ కొడతాడు, పొద్దున తీరిగ్గా చెప్పే బదులు. కాల్ కూడా ఆ మధ్యాహ్నం టెస్ట్‌లోనే చూసుకోండి: ఎంసీబీ దించిన ఎన్ని సెకన్లకి మోగిందో రాసుకోండి, కొన్ని బాక్సులు లైను ఊరికే ఊగినప్పుడల్లా మోగకుండా ఒకటి రెండు నిమిషాలు ఆగి కాల్ చేసేలా ముందే సెట్ చేసి వస్తాయి, ఆ ఆగే టైముని ఎక్కువగా వదిలేయకుండా మీ చెరువుకి సరిపడేలా తగ్గించుకోవచ్చు.